సూదుల కంపెనీకి పంపిన ఒక మెసేజ్: పెయిడ్ వీడియో పిచ్, మొదటి నుంచి చివరిదాకా

చిన్న ఛానళ్ల తరఫున బ్రాండ్లతో మాట్లాడటం, మెయిళ్లు రాయడం, ఒప్పందాలు చదివిపెట్టడం నా పని. ఈ కేసు ఒక కుట్టు ఛానల్‌ది. నడిపే ఆవిడ ఇంట్లో మిషన్ మీద కుట్టుకునేవాళ్ల కోసం ఆల్టరేషన్లు, చిన్న చిన్న రిపేర్లు చూపిస్తారు, సబ్‌స్క్రైబర్లు 38 వేలు. కుట్టుమిషన్ సూదులు చేసే ఒక కంపెనీకి మేం పంపిన పిచ్, పంపేముందు చేసిన పని, వాళ్లు అడిగిన ప్రశ్నలు, చివరికి కుదిరిన షరతులు అన్నీ ఇక్కడ పెడుతున్నా. ఛానల్‌ని ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కాస్త అటూ ఇటూ మార్చాను, వాటి మధ్య నిష్పత్తి మాత్రం అలాగే ఉంది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడింది. మన మెసేజ్ తెరిచి చదివే మనిషికి సాధారణంగా డబ్బు మంజూరు చేసే అధికారం ఉండదు. మార్కెటింగ్ టీమ్‌లో ఒకరు చూస్తారు, నచ్చితే పైవాళ్లకు ఫార్వర్డ్ చేస్తారు, వాళ్లు ప్రోడక్ట్ తెలిసిన మనిషిని అడుగుతారు, ఆ తర్వాత లీగల్ చూసేవాళ్ల దగ్గరికి వెళ్తుంది. ఈ ముగ్గురు నలుగురి మధ్య మనం ఎక్కడా ఉండం, మన మెసేజ్ ఒక్కటే ఉంటుంది. అందుకే నేను రాసేటప్పుడు మొదటి మనిషిని మెప్పించడం కంటే, ఆ మనిషి పైన ఒక్క లైను కూడా రాయకుండా అలాగే ముందుకు పంపగలడా అని చూసుకుంటా. "మీ బ్రాండ్ అంటే నాకు చాలా ఇష్టం, కలిసి పనిచేద్దాం, ఆసక్తి ఉంటే వివరాలు పంపుతాను" అని రాస్తే ఫార్వర్డ్ చేయడానికి అందులో ఏమీ లేదు. వివరాలు అడిగి తెప్పించుకునే ఓపిక వాళ్లకు ఉండాలి, అది ఉండదు.

కాన్సెప్ట్ దగ్గరికి వద్దాం. ఆవిడ మొదట అనుకున్నది ఈ కంపెనీ సూదినీ మామూలు సూదినీ పక్కపక్కన పెట్టి ఏది బాగా కుడుతుందో చూపించడం. వద్దన్నాను. వేరే కంపెనీ సరుకుతో పోలిక అనగానే లీగల్ వాళ్లు ఆపేస్తారు, ఆపకపోయినా డబ్బిచ్చిన కంపెనీయే గెలుస్తుందని చూసేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. గెలిచేదెవరో తెలిసిన పోటీని ఎవరు చూస్తారు?

దాని బదులు ఆవిడ కామెంట్లలో పదేపదే వచ్చే ప్రశ్న ఏమిటో చూశాం. జీన్స్ పొడవు తగ్గించి అంచు మడిచి కుట్టేటప్పుడు, సైడ్ జాయింట్ దగ్గరికి రాగానే కుట్టు తప్పుతోంది, దారం తెగుతోంది, సూది విరుగుతోంది. ఒక్కొక్కరు ఒక్కో మాటతో రాసినా సమస్య ఒకటే. దీనికి కారణాలు రెండు. జాయింట్ దగ్గర గుడ్డ పొరలు ఒకదాని మీద ఒకటి పడి గట్టు లాగా లేస్తుంది, దాని మీదకు ఎక్కేటప్పుడు మిషన్ ఫుట్ ముందువైపు పైకి లేచి వాలిపోతుంది, గుడ్డని గట్టిగా అదిమిపట్టలేదు. అదే సమయంలో సూది సన్నదైతే ఆ మందానికి కొద్దిగా వంగుతుంది, కింద దారం అందుకోవాల్సిన చోట ఉచ్చు సరిగ్గా ఏర్పడదు, కుట్టు తప్పుతుంది. జీన్స్ సూది మొన పదునుగా, ఒళ్లు గట్టిగా ఉంటుంది కాబట్టి రెండో కారణానికి అది మందు. మొదటి కారణానికి కాదు.

కాన్సెప్ట్ ఇక్కడే దొరికింది. ఒకే ప్యాంటు, ఒకే మిషన్, ఒకే దారం, మూడు సూదులు: మామూలు 12 నంబర్, మామూలు 14 నంబర్, జీన్స్ 16 నంబర్. మూడూ ఆ కంపెనీవే. అంటే ఏ సూది ఓడినా కంపెనీ ఓడదు, ఏ గుడ్డకు ఏ సూది అన్నది జనానికి తెలుస్తుంది, ఇంట్లో ఒక్క రకం సూదితోనే అన్నీ కుట్టేవాళ్లు ఇంకో ప్యాకెట్ కొనడానికి నిజమైన కారణం దొరుకుతుంది. కాన్సెప్ట్ బాగుందో లేదో నేను ఇలా చూస్తాను: అందులోంచి ప్రోడక్ట్ తీసేస్తే వీడియో నిలబడుతుందా? నిలబడితే ప్రోడక్ట్ అక్కడ అతికించినట్టు ఉందన్నమాట. ఇందులో సూది తీసేస్తే వీడియోనే లేదు.

పిచ్ పంపకముందే ఆవిడ ఒక పాత జీన్స్ కాలు మీద ఇది చేసి చూశారు. దీన్ని మాత్రం ఎవరూ దాటేయకూడదంటాను, ఎందుకంటే డబ్బు తీసుకున్నాక ప్రయోగం వేరేలా వస్తే అప్పుడు ఇరుక్కుంటాం. 12 నంబర్ జాయింట్ మీద వరుసగా కుట్లు వదిలేసింది. 14 కొంచెం నయం. జీన్స్ 16 శుభ్రంగా కుట్టింది కానీ ఫుట్ బాగా వాలిన చోట అది కూడా ఒక కుట్టు తప్పింది. ఫుట్ వెనక మడతపెట్టిన గుడ్డముక్క పెట్టి ఎత్తు సమం చేశాక ఆ ఒక్కటీ సర్దుకుంది. ఈ చివరి ముక్క పిచ్‌లో పెట్టాలా వద్దా అని కాసేపు వాదించుకున్నాం. పెట్టాం. తర్వాత అదే మమ్మల్ని కాపాడింది, ఆ సంగతి కింద చెబుతా. ప్రయోగాన్ని ఫోన్‌తో నలభై సెకన్లు తీసి అన్‌లిస్టెడ్‌గా ఎక్కించారు. అటాచ్‌మెంట్‌గా పంపితే బరువెక్కువై మెయిల్ ఆగిపోవచ్చు, పైగా అన్‌లిస్టెడ్ లింకు ఈ ఒక్క కంపెనీకే ఇచ్చాం కాబట్టి వ్యూస్ పెరిగితే లోపల ఎవరో తిప్పుతున్నారని మనకు తెలుస్తుంది.

ఇక ఆడియన్స్ వివరాలు. చాలామంది పిచ్‌లలో స్టూడియో నుంచి స్క్రీన్‌షాట్లు కుప్పగా వచ్చిపడతాయి, సబ్‌స్క్రైబర్లు, మొత్తం వ్యూస్, ఇంప్రెషన్లు, ఒక వైరల్ షార్ట్. కొనేవాళ్లకు కావాల్సింది ఒక్కటే: ఇప్పుడు ఇలాంటి వీడియో పెడితే ఎంతమంది చూస్తారు. దానికి సగటు పనికిరాదు. ఈ ఛానల్‌లో చివరి పది పొడుగు వీడియోలకు మొదటి 30 రోజుల్లో వచ్చిన వ్యూస్ చిన్నదాని నుంచి పెద్దదాకా ఇలా ఉన్నాయి: 9,800, 11,200, 12,100, 12,900, 13,600, 14,800, 15,500, 17,000, 19,300, చివర్న ఒకటి 1,42,000. సగటు తీస్తే 26,820 వస్తుంది, అంటే పదిలో తొమ్మిది వీడియోలు చేరలేని అంకె. మధ్య అంకె, అంటే ఐదోదానికీ ఆరోదానికీ నడుమ, 14,200. మేం ఇచ్చింది అదే, పెద్ద వీడియోని లెక్కలోంచి దాచకుండా పదీ రాశాం. సగటు నమ్మి డబ్బిచ్చిన కంపెనీ నెల తర్వాత మోసపోయామనుకుంటుంది, రెండోసారి రాదు.

షార్ట్స్ అంకెల గురించి ఒక మాట. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్ ఆడటం మొదలైతే చాలు వ్యూ అని లెక్కపెడుతోంది, ఎంతసేపు చూశారన్నది అందులో లేదు. పాత లెక్క ఇప్పుడు అనలిటిక్స్‌లో Engaged views అనే పేరుతో కనిపిస్తుంది. పిచ్‌లో ఆ రెండోదే ఇవ్వాలి. తెలిసిన మార్కెటింగ్ మనిషి ఎలాగూ అడుగుతాడు, మనమే ఇస్తే మిగతా అంకెల మీద కూడా నమ్మకం కలుగుతుంది.

రెండో అంకె రిటెన్షన్. ఆవిడ తొమ్మిది నిమిషాల రిపేరు వీడియోల్లో రెండున్నర నిమిషాల దగ్గర 52 శాతం మిగులుతున్నారు. 14,200లో అది సుమారు 7,400. అంటే సూదుల పరీక్ష ఆ లోపే మొదలవ్వాలి, నాలుగో నిమిషంలో "ఈ వీడియో స్పాన్సర్..." అంటూ కాదు. ఇంకో చిన్న విషయం గ్రాఫ్‌లో కనబడింది. సూదిని దగ్గరగా చూపించిన చోటల్లా గీత కాస్త పైకి లేచింది, జనం వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారన్నమాట. ఆ బుడిపె ఉన్న స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపాం. ఈ కంపెనీకి వయసుల చార్టు కంటే అది ఎక్కువ చెబుతుంది.

వయసు, ఆడామగా, ప్రాంతం గురించి ఒక్కో లైను చాలు. వయసూ లింగం అంకెలు సైన్ఇన్ అయి చూసేవాళ్ల నుంచే వస్తాయి కాబట్టి వాటిని మరీ పట్టుకుని వేలాడను. ప్రాంతం మాత్రం కంపెనీ సరుకు ఎక్కడెక్కడ దొరుకుతుందో వాళ్ల సైట్‌లో చూసి, మన వ్యూస్‌లో ఎంత శాతం అక్కడి నుంచి వస్తోందో కలిపి చెప్పాలి. దొరకని చోట ఉన్న ప్రేక్షకులు వాళ్లకు సున్నా. ఇవి కాక ఆవిడ కమ్యూనిటీ పోల్ ఒకటి పెట్టారు, మిషన్ సూది ఎప్పుడు మారుస్తారని. ఓటేసినవాళ్లలో 58 శాతం "విరిగినప్పుడే" అన్నారు. సూదిని ఎనిమిది పది గంటల కుట్టుకోసారి మార్చమని చెప్పే కంపెనీకి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది!

మెసేజ్ ఇదీ. సబ్జెక్ట్ లైన్: "జీన్స్ సూదుల మీద పెయిడ్ వీడియో ప్రతిపాదన, 40 సెకన్ల ట్రయల్ క్లిప్‌తో". పెయిడ్ అన్న మాట సబ్జెక్ట్‌లోనే ఉండాలి. లేకపోతే సూదుల ప్యాకెట్లు ఉచితంగా పంపుతాం, వీడియో చేసిపెట్టండి అన్న జవాబొస్తుంది, అక్కడి నుంచి డబ్బు మాట ఎత్తడం ఇద్దరికీ ఇబ్బందే.

"నమస్తే అండి. ఇంట్లో కుట్టుకునేవాళ్ల కోసం ఆల్టరేషన్లు, మిషన్ సమస్యల మీద వీడియోలు చేసే ఛానల్ మాది. జీన్స్ అంచు కుట్టేటప్పుడు జాయింట్ దగ్గర కుట్టు తప్పడం మా కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న. మా ప్రేక్షకుల పోల్‌లో ఓటేసిన 1,900 మందిలో 58 శాతం సూది విరిగితేనే మారుస్తామన్నారు. ఈ రెండింటినీ కలిపి మీ సూదులతో ఒక పెయిడ్ వీడియో ప్రతిపాదిస్తున్నాం.

కాన్సెప్ట్: ఒకే ప్యాంటు, ఒకే మిషన్, ఒకే దారం, మీ కంపెనీవే మూడు సూదులు (12, 14, జీన్స్ 16). వీడియో మొదట్లోనే తప్పిన కుట్టు దగ్గరగా కనిపిస్తుంది. రెండు నిమిషాల లోపు మూడు సూదులతో అదే జాయింట్ మీద కుడతాం. తర్వాత ఎందుకలా జరిగిందో, ఫుట్ వాలకుండా వెనక గుడ్డముక్క ఎలా పెట్టాలో, ఏ గుడ్డకు ఏ నంబర్ వాడాలో చెబుతాం. వేరే బ్రాండ్ పేరు ఎక్కడా రాదు. మేం ముందే చేసి చూసిన ట్రయల్ ఈ లింకులో ఉంది. జీన్స్ సూది కూడా ఫుట్ వాలినచోట ఒక కుట్టు తప్పింది, సమం చేశాక సరిపోయింది. వీడియోలోనూ అలాగే చూపిస్తాం.

ప్రేక్షకులు: చివరి పది వీడియోలకు మొదటి 30 రోజుల మధ్యస్థ వ్యూస్ 14,200 (పదింటి అంకెలూ జతచేసిన పేజీలో ఉన్నాయి, వాటిలో ఒకటి మామూలుకంటే చాలా పెద్దది). ఇది అంచనా, హామీ కాదు. రెండున్నర నిమిషాల దగ్గర 52 శాతం మిగులుతారు. వ్యూస్‌లో 44 శాతం యూట్యూబ్ సెర్చ్ నుంచి, అంటే సమస్యతో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. 81 శాతం మహిళలు, ఎక్కువమంది 25 నుంచి 44 ఏళ్లవాళ్లు. మీ సూదులు దొరికే ప్రాంతాల నుంచి 71 శాతం వ్యూస్.

మేం ఇచ్చేది: 8 నుంచి 10 నిమిషాల వీడియో ఒకటి, దానికి దారితీసే షార్ట్ ఒకటి, డిస్క్రిప్షన్ మొదటి లైనులోనూ పిన్ కామెంట్‌లోనూ మీ లింకు. షూటింగ్‌కి ముందు స్క్రిప్ట్ సారాంశం పంపుతాం, ఒకసారి సవరణలు చెప్పవచ్చు. సాంకేతిక తప్పులుంటే తప్పకుండా దిద్దుతాం, అభిప్రాయం మాత్రం మాదే. పెయిడ్ అని వీడియోలో నోటితో చెబుతాం, యూట్యూబ్‌లోనూ గుర్తు పెడతాం.

పారితోషికం, చెల్లింపు విధానం జతచేసిన పేజీ అడుగున ఉన్నాయి. ఇందులో మీ సొంత పేజీల్లో 90 రోజులు షేర్ చేసుకునే హక్కు కలిసి ఉంది. ప్రకటనగా నడపాలంటే దానికి వేరే లెక్క. ఆసక్తి ఉంటే వచ్చే నెల రెండో వారం స్లాట్ మీ కోసం ఈ శుక్రవారం దాకా ఉంచుతాం. దీన్ని చూడాల్సింది మీ టీమ్‌లో వేరేవాళ్లైతే అలాగే ఫార్వర్డ్ చేయండి, ఇంకేమీ జతచేయనక్కర్లేదు."

కొంచెం పొడుగే. నేను చూసిన సలహాల్లో సగం నాలుగు లైన్లలో ముగించమంటాయి. ఫోన్‌లో డీఎం పంపితే సరే, నాలుగు లైన్లూ లింకూ చాలు. మెయిల్‌కి మాత్రం నేను ఒప్పుకోను, లోపల చేతులు మారేది ఈ పొడుగు మెసేజే. మొదటి పేరా ఒక్కటీ చదివినా విషయం అందేలా ఉంటే చాలు. డబ్బు అంకె మొదటిసారే చెప్పడం మీద కూడా రెండు అభిప్రాయాలున్నాయి. అంకె లేకపోతే పైవాళ్లు మొదట అడిగేది అదే, అది లేదని మెసేజ్ వెనక్కి వస్తుంది, ఒక వారం పోతుంది. నేను చెప్పేయమంటాను.

కొద్ది రోజులకు క్లిప్ వ్యూస్ ఒక్కసారిగా కదిలాయి, జవాబు మాత్రం లేదు. అది మంచి గుర్తు, లోపల తిరుగుతోంది. అసలు కదలకపోతే లింకే తెరవలేదని, సబ్జెక్ట్ లైనో చిరునామానో తప్పని అనుకుని వేరే మనిషికి పంపేవాళ్లం. శుక్రవారం దాటాక ఒకే ఒక్క ఫాలోఅప్: స్లాట్ ఇంకో వారం ఉంచగలం, ఆ తర్వాత వేరే వీడియో ఎక్కుతుంది, అంతే. "నా మెయిల్ చూశారా" అనే మాట ఎక్కడా లేదు.

జవాబులో మూడు అడిగారు. ఆవిడ చివర్లో "ఈ సూదితో కుట్టు తప్పదు" అనాలి. గుడ్డముక్క పెట్టే భాగం తీసేయాలి, అది సూది సరిపోదన్నట్టుంది. వీడియోలోంచి ముక్కలు కోసి ప్రకటనలుగా వాడుకుంటాం, అది కూడా అదే రేటులో.

మొదటి రెండింటికీ జవాబు ట్రయల్ క్లిప్‌లోనే ఉంది. వాళ్లు ముందే చూసిన వీడియోలో జీన్స్ సూది ఒక కుట్టు తప్పింది, కాబట్టి తప్పదని చెప్పడం ఎలా కుదురుతుందని అడిగాం. పైగా గుడ్డముక్క తీసేస్తే, సూది కొన్నవాళ్లు ఇంట్లో కుట్టి చూసి మళ్లీ తప్పిందని కామెంట్లలో వాళ్ల సూదినే తిడతారు. ఈ మాట వాళ్ల ప్రోడక్ట్ మనిషికి వెంటనే అర్థమైంది, అతనే మా తరఫున లోపల చెప్పినట్టు తర్వాత తెలిసింది. చివరికి వాక్యం ఇలా కుదిరింది: "ఫుట్ సమంగా ఉంటే, ఈ మూడింట్లో జాయింట్ మీద కుట్టు తప్పనిది జీన్స్ సూదే." ప్రయోగం చూపించేది అంతే.

మూడోదానికి, ప్రకటనగా వాడుకోవడానికి 60 రోజులు, మూల పారితోషికం మీద 40 శాతం అదనం అన్నాం. గడువు అంటే వీడియో పెట్టిన రోజు నుంచా, ప్రకటన మొదలైన రోజు నుంచా అన్నది ఒప్పందంలో రాయించాను. ఇది చూసుకోకపోతే నాలుగు నెలల తర్వాత మొదలుపెట్టి అప్పటి నుంచి అరవై రోజులంటారు. వీడియో పెట్టిన రోజు నుంచి అని రాసుకున్నాం. వేరే సూదుల కంపెనీతో 30 రోజులు పనిచేయకూడదన్న షరతు వాళ్లు పెట్టారు, ఒప్పుకున్నాం. మిషన్లు, దారాలు అందులోకి రావని ఒక్క లైను కలిపించాం.

పెయిడ్ అన్న విషయం డిస్క్రిప్షన్‌లో మాత్రమే రాస్తే సరిపోదా అని ఫోన్‌లో మెల్లగా అడిగారు. సరిపోదు. అప్‌లోడ్ వివరాల్లో పెయిడ్ ప్రమోషన్ పెట్టెకు టిక్ పెడితే వీడియో మొదటి పది సెకన్లు Includes paid promotion అని కనిపిస్తుంది, దానికి తోడు ఆవిడ నోటితో చెప్పారు. చర్చ అక్కడితో ఆగింది.

లింకులు రెండు చోట్లకు రెండు రకాలుగా ఇవ్వమన్నాం, ఏది పనిచేసిందో తెలియడానికి.

```
?utm_source=youtube&utm_medium=video&utm_campaign=jeans-hem&utm_content=description
?utm_source=youtube&utm_medium=video&utm_campaign=jeans-hem&utm_content=pinned
```

షార్ట్‌కి లింకు ఇవ్వలేదు. 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్లలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు. అందుకే షార్ట్ నుంచి పెద్ద వీడియోకి, అక్కడి నుంచి కంపెనీకి దారి పెట్టాం. పిచ్‌లో "దానికి దారితీసే షార్ట్" అని రాసింది ఇందుకే.

ముప్పై రోజుల రిపోర్టు ఒక పేజీ. వ్యూస్ 13,100, మేం చెప్పిన మధ్యస్థం కంటే కొంచెం తక్కువ, హామీ కాదని ముందే రాసి ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. క్లిక్‌లు 237, అందులో 141 పిన్ కామెంట్ నుంచి, 96 డిస్క్రిప్షన్ నుంచి. రెండున్నర నిమిషాల దగ్గర 55 శాతం మిగిలారు. అమ్మకాల అంకె మాతో పంచుకోవాలని ఒప్పందంలో ఉన్నా కంపెనీ నుంచి వచ్చింది "బాగుంది" అన్న మాటే. ఆ మాటని తర్వాతి పిచ్‌లో వేసుకోలేం, అందుకని ఇప్పుడు నేను రాసే ఒప్పందాల్లో చివరి విడత చెల్లింపు తేదీతో పాటే ఆ అంకె ఇవ్వాల్సిన తేదీ కూడా పక్కన రాయిస్తున్నా. ప్రకటన హక్కు గడువు ముగిశాక వాళ్లే మెయిల్ చేసి ఇంకో 60 రోజులు పొడిగించమన్నారు, అదే 40 శాతానికి ఇచ్చాం.